వీల్‌చైర్‌లో వచ్చిన ఖాతాదారుతో ఎలా మాట్లాడాలి: నిలబడా, కూర్చునా? ఆయనతోనా, తోసుకొచ్చినవాళ్లతోనా?

ప్రశ్న: బ్యాంకులో చేరి ఆరు నెలలైంది. మా బ్రాంచికి వీల్‌చైర్‌లో ఒక పెద్దాయన వస్తారు, తమ్ముడు తోసుకొస్తాడు. నాకు తెలియకుండానే తమ్ముడితోనే మాట్లాడేస్తున్నాను. మొన్న ఆయనే "ఖాతా నాది బాబూ" అన్నారు. చాలా సిగ్గేసింది. ఎలా పలకరించాలి? వంగి మాట్లాడాలా, మోకాళ్ల మీద కూర్చోవాలా?

జవాబు:

మీ మర్యాదలో లోపమేమీ లేదు. మనుషులు నిలబడిన చోటులోనే తేడా ఉంది. కుర్చీ తోసే మనిషి హ్యాండిళ్లు పట్టుకుని వెనకాల నిలబడతాడు. అతని కళ్లూ మీ కళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి. కుర్చీలో ఉన్నాయన కళ్లు అడుగు కిందుంటాయి. మీరు తలెత్తగానే చూపు నేరుగా తమ్ముడి మొహం మీదే పడుతుంది, చూపు ఎక్కడుంటే మాట అక్కడికే పోతుంది. "ఈసారి గుర్తుపెట్టుకుని ఆయనతో మాట్లాడాలి" అనుకుంటే రద్దీ లేని రోజున గుర్తుంటుంది, ఒకటో తారీఖున ఉండదు. అందుకే ముందు చోట్లు మార్చండి. మాట సంగతి సగం దానంతటదే కుదురుతుంది.

ఎత్తుల లెక్క ఒకసారి చూడండి. అయిదడుగుల అయిదంగుళాల మనిషి నిలబడితే కళ్లు దాదాపు అయిదడుగుల ఎత్తున ఉంటాయి. వీల్‌చైర్‌లో కూర్చున్న పెద్దవాళ్ల కళ్లు సుమారు నాలుగడుగుల దగ్గర, నడుము వంగి కూర్చునేవాళ్లకైతే ఇంకో రెండంగుళాలు కింద. పాత పద్ధతి బ్యాంకు కౌంటర్ మూడున్నర అడుగులు ఉంటుంది. అంటే కౌంటర్ అంచుకు ఆయన కళ్లు ఆరంగుళాలే పైన. మీ వైపు నుంచి చూస్తే కౌంటర్ పైన కనిపించేది మొహం ఒక్కటే. మధ్యలో అద్దం, దాని కింద చేయి పట్టేంత సందు ఉంటే గొంతు కూడా అద్దానికి తగిలి ఆగిపోతుంది. అక్కడ ఎంత మర్యాదగా మాట్లాడినా ఆయనతో మాట్లాడినట్టు ఉండదు. కాబట్టి కౌంటర్ వెనక నుంచి వంగి చూడటం పరిష్కారం కాదు, బయటికి రావాలి.

బయటికొచ్చాక ఎంత దూరంలో నిలబడతారన్నదే పెద్ద తేడా తెస్తుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మీరు రెండడుగుల దూరంలో నిలబడితే మీ కళ్లలోకి చూడటానికి ఆయన చూపు దాదాపు 27 డిగ్రీలు పైకెత్తాలి. అయిదడుగుల దూరానికి జరిగితే అది 11 డిగ్రీలకు తగ్గుతుంది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు, మెడ ఎముకలు అరిగిన పెద్దవాళ్లకు 27 డిగ్రీల్లో రెండు నిమిషాలుంటే మెడ లాగేస్తుంది. వాళ్లు తల దించేసుకుంటారు. అది చూసి మీరు "ఆయనకి వినడం ఇష్టం లేదు" అనుకుని తమ్ముడివైపు తిరుగుతారు. ఇంకో సంగతి, మీ వెనక కిటికీయో గాజు తలుపో ఉంటే పైకి చూసేవాళ్లకు మీ మొహం నల్లటి నీడలా కనపడుతుంది. వెలుతురు మీ మొహం మీద పడే వైపు నిలబడండి.

అందుకని ఇలా పెట్టుకోండి. నమస్కారం చెప్పి, "డిపాజిట్ కౌంటర్ ఎడమ పక్కనండీ" అనే పాటి అర నిమిషం మాటైతే నిలబడే చెప్పొచ్చు, నాలుగైదడుగులు వెనక్కి ఉండి చెప్పండి. నిమిషం దాటే పని ఏదైనా కుర్చీ లాక్కుని కూర్చోవాలి. మామూలు ప్లాస్టిక్ కుర్చీ సీటు పదిహేడంగుళాల దగ్గర ఉంటుంది. అందులో కూర్చుంటే మీ కళ్లు ఆయన కళ్లకంటే రెండు మూడంగుళాలు కింద ఉంటాయి, నష్టం లేదు. ఆఫీసు రివాల్వింగ్ కుర్చీ అయితే సీటు ఎత్తు ఆయన సీటుకు సమానంగా తిప్పుకోండి. కుర్చీ ఆయనకు ఎదురుగా సూటిగా వేయకండి. ఫుట్‌రెస్టులు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి, మీ మోకాళ్లు వాటికి తగులుతాయి, ఆయన పాదం పక్కకు జారిపోవచ్చు. కొంచెం పక్కగా, ఏటవాలుగా వేసుకుంటే మూడడుగుల దూరంలో హాయిగా మాట్లాడుకోవచ్చు, కాగితం కూడా ఇద్దరికీ కనిపిస్తుంది.

వంగడం, మోకాళ్ల మీద కూర్చోవడం గురించి అడిగారు. నడుం వంచి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని మాట్లాడే తీరు ఒక్కటి మాత్రం వద్దు. మనం చిన్నపిల్లలతో అలాగే మాట్లాడతాం, చూసేవాళ్లకూ అలాగే కనిపిస్తుంది. పైగా అలా ఉన్నప్పుడు తెలియకుండానే గొంతు పెరుగుతుంది, మాట నెమ్మదవుతుంది. చెవులు బాగానే ఉన్న మనిషికి అది వెంటనే తెలుస్తుంది. గొంతుకూర్చుంటే మీ కళ్లు రెండున్నర అడుగులకు దిగిపోతాయి, అంటే ఆయన కళ్లకంటే అడుగున్నర కింద. ఒక మోకాలు నేలకు ఆనిస్తే మూడున్నర అడుగుల దగ్గర ఉంటారు, కుర్చీ దొరకని చోట ఇది పనికొస్తుంది. అయితే మన దగ్గర ఆఫీసరు తన కాళ్ల దగ్గర కూర్చున్నాడంటే అరవై ఏళ్ల పెద్దమనిషి ఇబ్బంది పడతాడు, హాల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూస్తారు. బ్యాంకులో కుర్చీలకు కొదవేముంది, కుర్చీయే మేలు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. అతన్ని తప్పించాలని చూడకండి, అతనికీ కుర్చీ వేయండి. ఎక్కడ వేస్తారన్నదే అసలు కిటుకు: వీల్‌చైర్ వెనక కాదు, దాని పక్కన, అదే వరసలో. అప్పుడు ముగ్గురి కళ్లూ ఒకే మట్టంలోకి వస్తాయి. అతను మాట్లాడితే ఆయనకి కూడా కనిపిస్తాడు. వెనక నిలబడి ఉన్నంతసేపూ ఆయనకు తన తలపైనుంచి ఒక గొంతు వినపడుతుంది, మనిషి కనపడడు. తన గురించి వెనకాల ఏం సైగలు చేస్తున్నారో తెలియదు. తమ్ముడు హ్యాండిల్ వదిలి వచ్చే ముందు బ్రేకులు వేయడం గుర్తుంచుకోవాలి, బ్యాంకు గచ్చు నున్నగా ఉంటుంది. బ్రేకుల సంగతి కూడా ఆయన్నే అడగండి: "బ్రేక్ వేసుకుంటారా అండీ?" చాలామంది తామే వేసుకుంటారు.

తెలుగులో ఇంకో చిక్కుంది. మన "మీరు" ఒకరికీ చెల్లుతుంది, పదిమందికీ చెల్లుతుంది. "మీరేం పని మీద వచ్చారండీ" అని ఇద్దరి మధ్యలోకి చూసి అడిగితే, నిలబడి ఉన్నవాడే అందుకుంటాడు. మీరు ఆయన్నే అడిగానని అనుకుంటారు, ఆయనకు మాత్రం తమ్ముణ్ణి అడిగినట్టే వినిపిస్తుంది. అందుకని మొదటి మాటలోనే పేరుండాలి. "రామ్మూర్తి గారూ, నమస్కారం అండీ" అని, ఆయన తిరిగి పలికాకే తమ్ముడివైపు తిరిగి "నమస్కారం అండీ" అనండి. పేరు తెలియకపోతే చూపు ఆయన మీద ఉంచి "సార్, మీ పేరు చెప్తారా?" అని అడగండి. ప్రతి కొత్త ప్రశ్న ముందూ పేరు అక్కర్లేదు. సంభాషణ తమ్ముడివైపు జారినప్పుడు దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి పేరు వాడండి.

ఈ "మీరు" కంటే ప్రమాదం "ఈయన". "ఈయన సంతకం పెట్టగలరా?", "ఈయనకి ఆధార్ లింకయిందా?", "ఈయన లోపలికి రాగలరా?" ఎదురుగా ఉన్న మనిషిని ఈయన అన్నారంటే ఆయన ఆ సంభాషణలోంచి బయటికి పోయినట్టే. నోటికి "ఈయన" వచ్చిందంటే దారి తప్పానని మీకు మీరే గుర్తుపట్టొచ్చు, ఇంతకంటే తేలికైన గుర్తు లేదు. అదే ప్రశ్నను "మీరు సంతకం ఎలా పెడతారండీ?" అని తిప్పి అడగండి. "పెట్టగలరా" అనడం కంటే "ఎలా పెడతారు" అనడం మంచిది. పెట్టలేరన్న అనుమానం మాటలో ఉండదు, కావలసిన సమాచారమూ వస్తుంది.

ఒక లావాదేవీ మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. రామ్మూర్తి గారు అనే ఖాతాదారు, వయసు అరవై రెండు, మెడ దగ్గర దెబ్బతిని వేళ్లలో పట్టు లేదు. ఫిక్సెడ్ డిపాజిట్ గడువు తీరింది, తీసుకోవాలా పొడిగించాలా అన్నది పని.

ఆయన లోపలికి రాగానే మీరు బయటికొచ్చి, రెండు చేతులూ జోడించి పేరుతో నమస్కారం పెట్టారు. నమస్కారం ఇక్కడ మంచి పద్ధతి, అవతలివాళ్లు చేతులు పూర్తిగా ఎత్తలేకపోయినా తల ఊపి అందుకుంటారు. ఆయనే చేయి చాపితే మీరూ చాపండి. వేళ్లు ముడుచుకుని ఉంటే ఆ పిడికిలినే మెల్లగా చేత్తో అందుకోండి. ముడుచుకున్న వేళ్లను విప్పి షేక్‌హ్యాండ్ ఇవ్వడానికి చూడొద్దు. మెడ కింది భాగంలో దెబ్బ తగిలిన కొందరికి మణికట్టు పైకెత్తగానే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. గ్లాసో కాగితమో పట్టుకోవడానికి వాళ్లకు ఉన్న పట్టు అదే. ఆ వేళ్లను లాగి సాగదీస్తే ఆ పట్టు పాడవుతుంది. పక్షవాతంతో కుడిచేయి పడిపోయినాయన ఎడమచేయి చాపితే, మీరూ ఎడమచేయే చాపండి. ఎడమచేత్తో ఇవ్వకూడదు అనే మన పట్టింపు అక్కడ పక్కన పెట్టాలి.

భుజం తట్టడం, మోకాలి మీద చేయి వేయడం వద్దు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి అనుకోని స్పర్శకు కాళ్లు ఒక్కసారిగా బిగుసుకుని ఎగిరిపడతాయి, పాదం ఫుట్‌రెస్ట్ మీంచి జారుతుంది. చిన్నవాళ్లు పెద్దలకు కాళ్లకు దండం పెట్టాలనుకున్నా అంతే, ముందు "దండం పెడతానండీ" అని చెప్పి చేయి మెల్లగా పాదం మీద ఆనించాలి. కుర్చీ హ్యాండిల్ మీద చేయి ఆనించి నిలబడటం కూడా భుజం మీద వాలడం లాంటిదే. కుర్చీ కదిలితే అందులోని మనిషీ కదులుతాడు కదా.

తర్వాత, "ఆ పక్క టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుకుందామా అండీ?" అని అడిగారు. "తోయమంటారా?" అని అడిగి, సరే అన్నాకే పట్టుకోవాలి. కాదంటే పక్కన నడవాలి. "రండి, ఇటు నడుద్దాం" అనే మాట వాడొచ్చా అని సందేహపడేవాళ్లున్నారు, నిక్షేపంగా వాడండి. మాట మింగేసి తడబడితేనే ఎబ్బెట్టుగా ఉంటుంది. టేబుల్ ఎత్తు రెండున్నర అడుగులు ఉండి, కింద అడ్డుపలక లేకపోతే ఆయన మోకాళ్లు లోపలికి పోతాయి, కాగితం అందుతుంది. కింద సొరుగులు ఉన్న టేబుల్ అయితే ఆయన అడుగున్నర దూరంలో ఆగిపోతారు, కాగితాలన్నీ చేయి అందే తమ్ముడి ముందుకే పోతాయి. అప్పుడు గట్టి అట్ట ఒకటి తెచ్చి ఆయన ఒడిలోనో ఆర్మ్‌రెస్టుల మీదో పెట్టుకోమనండి.

"రామ్మూర్తి గారూ, మీ డిపాజిట్ గడువు అయిపోయిందండీ. పొడిగించమంటారా, సేవింగ్స్‌లో వేయమంటారా?"

తమ్ముడు వెంటనే అంటాడు: "పొడిగించేయండి సార్, ఏడాదికి."

ఇక్కడే చాలామంది పెన్ను తీసి రాసేస్తారు. మీరు తమ్ముడి మాట వినండి, తల ఊపండి, కాదనకండి. కానీ చూపు వెంటనే ఆయన మీదికి తెచ్చి, "మీరేమంటారు రామ్మూర్తి గారూ?" అనాలి. అని ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే కష్టం. మామూలుగా మనం రెండు సెకన్లు నిశ్శబ్దాన్ని కూడా భరించలేం. ఊపిరి బలం తక్కువున్నవాళ్లకు, పక్షవాతం వచ్చి మాట తొట్రుపడేవాళ్లకు ఒక వాక్యం మొదలుపెట్టడానికే అయిదు నుంచి పది సెకన్లు పట్టొచ్చు. మనసులో పదిదాకా లెక్కపెట్టండి. మధ్యలో మీరే వాక్యం పూర్తిచేస్తే, ఆ పూర్తిచేసింది తప్పయినా దిద్దే ఓపిక లేక ఆయన తలూపేస్తారు. ఆ తలూపును అంగీకారం అనుకుని ఏడాదికి పొడిగించేస్తే, ఆయనకు వైద్యానికి కావలసిన డబ్బు అందులోకి పోతుంది, ముందే తీయాలంటే వడ్డీ నష్టపోవాల్సి రావచ్చు.

మాట అర్థం కాకపోతే అర్థమైనట్టు నటించకండి, తమ్ముణ్ణి "ఏమంటున్నారు?" అని కూడా అడగకండి. అర్థమైనంతవరకు ఆయనకే తిరిగి చెప్పండి: "సగం సేవింగ్స్‌లో వేయమన్నారు, అంతేనా అండీ? మిగతా సగం?" రెండోసారీ అర్థం కాకపోతే అప్పుడు ఆయన్నే అడగండి, "మీ తమ్ముడుగారి సాయం తీసుకోనా?" సరే అంటే తమ్ముడు చెప్తాడు, అప్పుడు కూడా మీ చూపు రామ్మూర్తి గారి మీదే ఉండాలి. తమ్ముడు చెప్పింది సరైనదో కాదో ఆయన మొహంలోనే తెలుస్తుంది.

డబ్బు ఎంతో చెప్పేటప్పుడు గొంతు తగ్గించండి. వెంట వచ్చాడు కాబట్టి తమ్ముడికి అన్నీ తెలిసి ఉంటాయనుకోవద్దు. నిల్వ ఎంతో, నామినీ ఎవరో పైకి చదవబోయే ముందు, "ఇక్కడే చెప్పనా, కాగితం మీద చూపించనా?" అని అడగండి. తోసుకొచ్చిన మనిషి తమ్ముడే కానక్కర్లేదు, జీతానికి పెట్టుకున్న సహాయకుడు కావచ్చు, ఆటో డ్రైవరే సాయంగా లోపలిదాకా వచ్చి ఉండొచ్చు. "మీ అబ్బాయా?" అని ఊహించి అడిగే కంటే "వీరు..." అని ఆగితే ఆయనే చెప్తారు.

సంతకం వేళ్లతో కుదరనివాళ్లకు రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. వేలిముద్రో కాలి బొటనవేలి ముద్రో తీసుకోవచ్చు, బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ముద్ర తీసుకునేటప్పుడు కూడా చేయి పట్టుకుని ప్యాడ్ మీద నొక్కేయకండి. "ఏ వేలు అనుకూలం అండీ? చేయి నేను పట్టుకోనా?" అని అడగండి.

చివర్లో పాస్‌పుస్తకం ఇచ్చేటప్పుడు తమ్ముడి చేయి ముందుకొస్తుంది, అతని చేతులు చురుకైనవి కాబట్టి. మీరు పుస్తకాన్ని రామ్మూర్తి గారి వైపే చాచి ఒక్క క్షణం ఆగండి. ఆయన అందుకోవచ్చు, ఒడిలో పెట్టమనవచ్చు, "వాడికివ్వండి" అనొచ్చు. మూడూ సరైనవే, ఎందుకంటే మూడూ ఆయన చెప్పినవి. డబ్బయినా అంతే, ఆయన కళ్ల ముందు, ఆయనకు కనిపించే ఎత్తులో లెక్కపెట్టాలి.

ఇదంతా మర్యాద కోసమే అనుకోవద్దు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 13వ సెక్షన్, తన ఆర్థిక వ్యవహారాలు తానే చూసుకునే హక్కు ఆయనకు మిగతావాళ్లతో సమానంగా ఉందంటుంది. సాయం చేసే మనిషికీ ఆయనకీ ఏదైనా డబ్బు వ్యవహారంలో ప్రయోజనాలు ఢీకొంటే, ఆ వ్యవహారంలో ఆ మనిషి సాయం చేయకుండా తప్పుకోవాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఉదాహరణకు డిపాజిట్ మీద అప్పు తీసుకుని ఆ డబ్బు తమ్ముడి వ్యాపారానికి పోతుంటే, "పెట్టేయండి సార్" అని తమ్ముడు చెప్పిన మాట మీద మీరు ఏమీ చేయకూడదు. అలాంటప్పుడు తమ్ముణ్ణి మర్యాదగా, "రెండు నిమిషాలు అక్కడ కూర్చుంటారా, సార్‌తో ఒక విషయం మాట్లాడాలి" అని పంపండి. ఆయన అభ్యంతరం చెబితే వేరే మాట.

వెంట వచ్చిన మనిషితోనే మాట్లాడాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఆయనే "వాడితో మాట్లాడండి" అన్నప్పుడు, చట్టప్రకారం నియమించిన సంరక్షకుడు పత్రం చూపించినప్పుడు, ఖాతా నడపడానికి రాతపూర్వకంగా అధికారం ఇచ్చినప్పుడు. వీల్‌చైర్‌లో ఉన్నారన్నది ఆ మూడిట్లో దేనికీ సాక్ష్యం కాదు. ఆ మూడు సందర్భాల్లోనూ మొదటి నమస్కారం మాత్రం కుర్చీలో ఉన్నవాళ్లకే.

"ఏమైందండీ, ఎప్పట్నుంచి ఇలా?" అన్నది అడగకండి. పాపం అన్నది పైకి అనకపోయినా మొహంలో తెలుస్తుంది. పక్క కౌంటర్లో ఎదురుచూస్తున్న కస్టమర్ ఎవరైనా అడిగితే, ఆయన సమాధానం చెప్పే లోపు మీరు "సార్, మీ టోకెన్ ఎంత?" అని ఆ కస్టమర్‌ను పనిలోకి లాగేయండి.

ఇక మీ ప్రత్యేక విషయానికి వస్తే, "ఖాతా నాది బాబూ" అన్నాయన మళ్లీ వచ్చినప్పుడు పెద్ద క్షమాపణ ప్రసంగం పెట్టకండి. అది ఆయన మీదే ఇంకో భారం, అందరి ముందూ "పరవాలేదులే" అని మిమ్మల్ని ఊరడించాల్సి వస్తుంది. కుర్చీ తెచ్చుకుని కూర్చుని, పేరుతో నమస్కారం చెప్పి, "పోయినసారి మీతో మాట్లాడాల్సింది తమ్ముడుగారితో మాట్లాడానండీ. చెప్పండి, ఈరోజు పనేంటి?" అనండి. టేబుల్ కింద సొరుగుల పెట్టె ఉంటే ఆయన వచ్చే ముందే పక్కకు జరిపించి ఉంచండి.